రెండు నెలలు ఐరన్ గోలీలు వాడినా మా బాపుకు రక్తం పట్టడం లేదు, నాలుక మండుతోంది

పరకాల బిడ్డ | నవంబర్ 4, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. మా బాపుకు 51 ఏళ్లు, తాపీ మేస్త్రీ. పదేళ్ల నుంచి తాగుతున్నాడు. మూడేళ్లుగా రోజూ రెండు క్వార్టర్లు తప్పడం లేదు. దాచిపెడితే మీరు సరైన మాట చెప్పలేరని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వినాయక చవితి ముందు నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. ఎల్లిపాయ కారం లేనిదే ముద్ద దిగని మనిషి, ఇప్పుడు పచ్చి పులుసు నోట్లో పెట్టుకుంటే కళ్ల నీళ్లు పెట్టుకుంటున్నాడు. పెరుగన్నంలో ఉప్పు కూడా తక్కువ వేయమంటాడు. నాలుక చూస్తే ఎర్రగా, నున్నగా, చర్మం ఒలిచినట్టు ఉంది. పెదవుల మూలలు పగిలాయి. గోడ మీద రెండు వరుసలు ఇటుక పెట్టేసరికి ఆయాసంతో కూర్చుంటున్నాడు.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఐరన్ గోలీలు రాసి, నీరసానికని వారానికొక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడు. రెండు నెలలైంది. నిన్న మళ్లీ చేయిస్తే 7.8. గోలీలు నేనే చేతిలో పెట్టి మింగించాను, ఒక్క రోజు కూడా తప్పలేదు. అయినా ఎందుకు తగ్గింది? ఐరన్ కంపెనీ మార్చాలా? సూది మందు వేయించాలా?

---

ఆరోగ్యమే ధనం | నవంబర్ 4, రాత్రి 9:48

చెల్లె, గోలీలతో రక్తం రాదు. దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం రోజూ జ్యూస్ చేసి ఇవ్వు. మా పెద్దమ్మకు నెలలో రెండు పాయింట్లు పెరిగింది. బీట్‌రూట్ ఎర్రగా ఉండేదే రక్తం కోసం.

---

ల్యాబ్ సుజాత, హన్మకొండ | నవంబర్ 4, రాత్రి 10:15

హిమోగ్లోబిన్ ఒక్కటే చెప్తే సరిపోదు చెల్లె. అదే కాగితం మీద కింద ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది. అది పెట్టు. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు కూడా పెట్టు. ఇరవై రెండేళ్లుగా రక్తం స్లైడ్లు చూస్తున్నాను, మన దగ్గర చాలామంది హిమోగ్లోబిన్ చదివి కాగితం మడిచేస్తారు. అసలు కథ ఆ పక్క వరుసలోనే ఉంటుంది.

---

పరకాల బిడ్డ | నవంబర్ 4, రాత్రి 10:31

అక్కా, ఎంసీవీ 116 అని ఉంది, పక్కన పైకి బాణం గుర్తు. తెల్ల కణాలు 3,600. ప్లేట్‌లెట్లు 92,000. రెండు నెలల కిందటి కాగితం కూడా వెతికాను, అందులో ఎంసీవీ 113.

---

ల్యాబ్ సుజాత, హన్మకొండ | నవంబర్ 4, రాత్రి 10:50

అనుకున్నాను. ఎంసీవీ అంటే ఒక్కో ఎర్ర కణం ఎంత పెద్దగా ఉందో చెప్పే అంకె. 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఐరన్ తక్కువై రక్తం తగ్గినవాళ్లకు కణాలు చిన్నవైపోతాయి, ఎంసీవీ 80 కిందికి, ఒక్కోసారి 65కి కూడా దిగుతుంది. మీ బాపుకు దానికి పూర్తిగా ఎదురు. కణాలు తక్కువ ఉన్నాయి, ఉన్నవి ఉబ్బి పెద్దగా ఉన్నాయి. ఈ రక్తం మొదటి కాగితం నుంచే ఐరన్ అడగడం లేదు.

మామూలుగా రోజూ తాగేవాళ్లకు ఎంసీవీ 100 దాటి 105, 108 దాకా ఉండటం నేను రోజూ చూస్తాను, అది మందు ఒక్కదాని వల్ల కూడా అవుతుంది. 110 దాటి 116 అంటే మాత్రం వెనక ఇంకేదో ఉంది. స్లైడ్ మీద తెల్ల కణాల లోపలి గింజ ఎన్ని ముక్కలుగా ఉందో చూడమని చెప్పండి. ఐదు, ఆరు ముక్కలవి కనబడితే ఫోలిక్ యాసిడో బీ12ఓ తక్కువైందని అర్థం. డాక్టర్ సారు చూస్తే మిగతాది ఆయన చెప్తారు.

---

ములుగు ఆటో | నవంబర్ 4, రాత్రి 11:05

ప్లేట్‌లెట్లు 92 వేలు అంటే డెంగీ ఏమో చూసుకోండి అక్కా. మా తమ్ముడికి అట్లనే తగ్గితే ఐసీయూలో పెట్టారు. బొప్పాయి ఆకు రసం తాగించండి.

---

కాజీపేట రిటైర్డ్ డాక్టర్ | నవంబర్ 5, ఉదయం 6:10

అమ్మా, రాత్రి చూడలేదు. నేను జనరల్ మెడిసిన్ చేసినవాణ్ణి, ఇప్పుడు ప్రాక్టీసు లేదు. మనిషిని చూడకుండా చెప్తున్నానని గుర్తు పెట్టుకొని చదవండి.

ములుగు తమ్ముడు అడిగిన డెంగీ సంగతి ముందు. జ్వరం లేకుండా, రెండు నెలలుగా మెల్లగా ఉన్న నీరసంలో ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గాయి. మూడూ పుట్టేది ఎముక మూలుగలోనే. మూలుగ పని మందగించిందని నా అనుమానం.

మీ నాన్నగారు మేస్త్రీ కాబట్టి ఇట్లా చెప్తాను. ఐరన్ ఇటుక లాంటిది. మీ ఇంటి ముందు ఇటుకలు లారీల కొద్దీ ఉన్నాయి, సిమెంటు లేదు. రెండు నెలలుగా మీరు ఇంకా ఇటుకలే దింపిస్తున్నారు. గోడ ఎట్లా లేస్తుంది? ఇక్కడ సిమెంటు ఫోలేట్, అంటే సుజాత గారు చెప్పిన ఫోలిక్ యాసిడ్ విటమినే. కణం రెండు కావాలంటే లోపలి గింజను మొత్తం కాపీ చేసుకోవాలి, ఆ పనికి ఫోలేట్ కావాలి. అది లేకపోతే కణం ఒళ్లు పెంచుకుంటుంది గానీ చీలలేదు. అందుకే పెద్దగా, తక్కువగా ఉన్నాయి. శరీరంలో ఎక్కడ కణాలు త్వరత్వరగా కొత్తవి పుట్టాలో అక్కడ ముందు దెబ్బ కనబడుతుంది. మూలుగ ఒకటి. నాలుక పైపొర ఇంకొకటి, అది కొద్ది రోజులకొకసారి కొత్తగా వేసుకుంటుంది. పాతది అరిగిపోయి కొత్తది రాకపోతే నాలుక మీది గరుకు పోయి నున్నగా, ఎర్రగా అవుతుంది, కారం నేరుగా పుండు మీద పడ్డట్టే మండుతుంది. రక్తం తగ్గడం, నాలుక మండటం, ఆయాసం మీకు మూడు జబ్బులుగా కనబడుతున్నాయి. నాకు ఒకటే కనబడుతోంది. పెదవుల మూలల పగుళ్లు బీ2 వైపు చూపిస్తాయి, తాగేవాళ్లకు బీ విటమిన్లు ఒక్కటొక్కటిగా తగ్గవు, కలిసే తగ్గుతాయి.

మందు దీన్ని మూడు దారుల్లో చేస్తుంది. మొదటిది ఆకలి. ఒక క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, అందులో దాదాపు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. గ్రాముకు 7 కేలరీలు లెక్కేస్తే రెండు క్వార్టర్లకు 850 కేలరీల దాకా వస్తాయి, నాలుగు పెద్ద జొన్న రొట్టెలకు తక్కువ కాదు. కడుపుకు తిన్నట్టే అనిపిస్తుంది, కానీ అందులో విటమిన్ లేదు. రెండోది, పేగు పైపొర దెబ్బతిని తిన్న కొద్ది ఫోలేట్‌ను కూడా సరిగా పీల్చుకోదు, మూత్రంలోనూ ఎక్కువ పోతుంది. మూడోది చాలామందికి తెలియనిది. కాలేయం ఫోలేట్‌ను పిత్తంలో పేగులోకి వదిలి, మళ్లీ వెనక్కి పీల్చుకొని తిప్పుతూ వాడుకుంటుంది. మందు ఆ తిరుగుడును ఆపేస్తుంది. తిండి మానేసిన ఆరోగ్యవంతుడికి నిల్వలు మూడు నాలుగు నెలలు వస్తాయి. కాలేయం దెబ్బతిన్న తాగేవాడికి ఇంకా త్వరగా అయిపోతాయి.

బీట్‌రూట్ అన్నవారిది సగం నిజం. బీట్‌రూట్‌లో ఫోలేట్ ఉంది, దాని ఎర్రదనానికి దానితో పని లేదు. కానీ పీల్చుకోలేని పేగుకు జ్యూస్ ఒక్కటే పోస్తే సరిపోదు.

ఐరన్ సూది మాత్రం వేయించకండి. గోలీలు కూడా ఈ రోజు నుంచి ఆపి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించండి. తాగేవాళ్ల కాలేయంలో ఐరన్ చేరి ఉండటం మామూలే, అవసరం లేకుండా ఇంకా పోస్తే కాలేయానికి నష్టం. ఇంకొక ప్రశ్న: మలం నల్లగా, తారులాగా వస్తోందా? ఐరన్ వాడుతున్నాడు కాబట్టి నల్లగానే ఉంటుంది, అదే ఇక్కడ చిక్కు. ఐరన్ ఆపిన నాలుగైదు రోజుల తర్వాత కూడా తారులాగే వస్తుంటే కడుపులో రక్తం పోతోందన్నమాట.

---

నర్సంపేట గౌడన్న | నవంబర్ 5, ఉదయం 8:40

సార్ చెప్పింది కాదనను. కానీ మేము నాలుగు తరాలుగా చెట్టెక్కేవాళ్లం. మా తాత రోజూ పొద్దున తాటికల్లు తాగి 80 ఏళ్లు బతికాడు, నాలుక పండింది లేదు, రక్తం తగ్గింది లేదు. ఆ సీసా మందే ఒంటిని పాడు చేస్తుంది. బిడ్డా, మీ బాపును సీసా మాన్పించి మంచి కల్లు అలవాటు చెయ్యి, బలం వస్తుంది.

---

కాజీపేట రిటైర్డ్ డాక్టర్ | నవంబర్ 5, ఉదయం 10:05

గౌడన్నా, మీ మాటలో నిజమున్న భాగం ముందు చెప్తాను. కల్లు పులిసేది ఈస్టుతో. ఈస్టులో బీ విటమిన్లు ఉన్నాయి. బొంబాయిలో 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే ఇదే రకం రక్తహీనతను ఈస్టు నుంచి తీసిన సారంతో నయం చేసింది. ఆ సారంలో పనిచేసింది ఫోలేటేనని తర్వాత తేలింది. పులియబెట్టిన బీరు తాగేవాళ్లలో కూడా ఫోలేట్ లోపం, బట్టీలో దించిన సీసా మందు తాగేవాళ్లకంటే తక్కువగా కనబడుతుంది. అంటే మీ తాతగారి సంగతి నేను నమ్ముతాను. ఆయన చెట్టెక్కి, పనిచేసి, కడుపునిండా తిని తాగి ఉంటాడు.

కానీ ఈమె బాపు విషయంలో ఇది సలహా కాదు. కల్లులో కూడా ఆల్కహాలే ఉంది, ఆల్కహాల్ మూలుగను నేరుగా కూడా అణచేస్తుంది. తాగుతూనే ఉన్న మనిషికి కొద్ది మోతాదు ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం లేవలేదనీ, తాగుడు ఆపగానే లేచిందనీ 1960ల్లోనే పరీక్షించి చూశారు. పైగా దుకాణంలో దొరికే ప్రతి కల్లూ చెట్టు కల్లు కాదు, అందులో అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు గోలీలు కలిపేవాళ్లున్నారని మీకు నాకంటే బాగా తెలుసు.

---

నర్సంపేట గౌడన్న | నవంబర్ 5, ఉదయం 10:30

ఆ గోలీల కల్లు మా కులానికి మచ్చ. అది నేను ఒప్పుకుంటా సార్. చెట్టు కల్లు మాట వేరే అనే అంటాను.

---

వెంకటేశ్వర మెడికల్ తమ్ముడు | నవంబర్ 5, మధ్యాహ్నం 1:15

అక్కా, టెన్షన్ పడకు. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల గోలీ ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది, చాలా చవక. రోజుకొకటి మొదలుపెట్టెయ్, పదిహేను రోజుల్లో తేడా చూస్తావు. పరీక్షలకు వేలకు వేలు పెట్టడం ఎందుకు?

---

ల్యాబ్ సుజాత, హన్మకొండ | నవంబర్ 5, మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, మందు సరైనదే, వరుస తప్పు. రక్తం తీయకముందే గోలీ వేస్తే ఫోలేట్ పరీక్ష పాడవుతుంది. రెండు రోజులు ఆసుపత్రి భోజనం తిన్నా ఆ అంకె మామూలుకు వచ్చేస్తుంది. నమూనా ముందు, గోలీ తర్వాత. బీ12 కూడా అదే సూదిలో తీయించాలి.

---

కాజీపేట రిటైర్డ్ డాక్టర్ | నవంబర్ 5, మధ్యాహ్నం 2:20

సుజాత గారు చెప్పింది ఒక కారణం. ఇంకొకటి పెద్దది. బీ12 తక్కువైనా రక్తం ఇట్లాగే, నాలుక ఇట్లాగే ఉంటుంది. అప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడుతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు, లోపల నరాలు చెడిపోతూనే ఉంటాయి. ఆ చెడు వెనక్కి రాకపోవచ్చు. అందుకే నేనైతే నమూనాలు తీయించి, రిపోర్టు వచ్చేదాకా రెండూ కలిపే మొదలుపెట్టేవాణ్ణి. అమ్మా, కాళ్లు మొద్దుబారుతున్నాయా, చెప్పులు జారిపోతే తెలుస్తోందా అని అడగండి.

---

భూపాలపల్లి టీచరమ్మ | నవంబర్ 5, సాయంత్రం 5:00

సార్, మధ్యలో వచ్చాను, క్షమించండి. మా అమ్మ జీవితంలో మందు ముట్టలేదు. పూర్తి శాకాహారి. ఆమెకూ నాలుక ఇట్లాగే మండుతుంది, ఎంసీవీ 109. మరి తాగడం వల్ల అని ఎట్లా అంటున్నారు?

---

కాజీపేట రిటైర్డ్ డాక్టర్ | నవంబర్ 5, సాయంత్రం 5:25

మీ అమ్మగారిది వేరే దారి అయి ఉండొచ్చు అమ్మా. బీ12 మాంసం, గుడ్లు, పాలు వీటిలోనే ఉంటుంది. పాలు కూడా తక్కువ తాగే శాకాహారులకు ఏళ్ల తర్వాత తగ్గుతుంది. థైరాయిడ్ తక్కువైనా కణాలు పెద్దవవుతాయి. నాలుకను చూసి కారణం చెప్పలేం, ఆమెకు బీ12, థైరాయిడ్ రెండూ చూపించండి. ఆమె సంగతి వేరే పోస్టుగా పెట్టండి, తప్పకుండా రాస్తాను.

---

పరకాల బిడ్డ | నవంబర్ 5, రాత్రి 8:50

సార్, అడిగాను. అరికాళ్లలో మంట ఉందట, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాడు. ఆరు నెలలుగా చెప్పలేదు మాకు. చెప్పు జారితే తెలుస్తోందన్నాడు.

మీరు రాసింది చదివి వినిపించాను. రేపటి నుంచి ఒక్క చుక్క ముట్టనని అవ్వ చెయ్యి పట్టుకొని చెప్పాడు. మా ఆర్‌ఎంపీ రేపు ఇంకొక గ్లూకోజ్ ఎక్కిస్తానన్నాడు, అది అయ్యాక ఎల్లుండి దవాఖానకు తీసుకెళ్తాను.

---

కాజీపేట రిటైర్డ్ డాక్టర్ | నవంబర్ 5, రాత్రి 9:02

అమ్మా, రెండు సంగతులు. ఈ రాత్రే చదవండి.

గ్లూకోజ్ ఎక్కించకండి. తాగేవాళ్ల ఒంట్లో బీ1, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవాలంటే శరీరం థయమిన్ ఖర్చు పెట్టాలి. మిగిలిన ఆ కొద్దీ ఒక్క బాటిల్‌తో ఖర్చయిపోతే మెదడుకు దెబ్బ తగులుతుంది. మనిషి తికమకగా మాట్లాడటం, నడకలో తూలడం, కళ్లు ఒకవైపు నిలవకపోవడం. ఇంట్లోవాళ్లు తాగి ఉన్నాడనుకుంటారు, అక్కడే సమయం పోతుంది. ముందు థయమిన్ సూది, తర్వాతే గ్లూకోజ్. షుగర్ పడిపోయి స్పృహ తప్పితే మాత్రం గ్లూకోజ్ ఆపకూడదు, థయమిన్‌తో పాటే ఇస్తారు, అది దవాఖానలో చూసుకుంటారు. ఇన్ని బాటిళ్లు ఎక్కినా ఏమీ కాలేదు కదా అని ఇంకొకటి ఎక్కించవద్దు.

రెండోది, రేపటి నుంచి ఇంట్లో ఒక్కసారిగా మానేయనీయకండి. మానాలి, కానీ దవాఖానలో. మూడేళ్లు రోజూ రెండు క్వార్టర్లు తాగినవాడు ఆపితే ఆరేడు గంటల్లో చేతులు వణకడం మొదలవుతుంది, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మూడో రోజు ప్రాంతంలో లేనివి కనబడి పిచ్చిగా మాట్లాడవచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఎల్లుండి దాకా ఆగకుండా రేపు పొద్దున్నే ఎంజీఎంకు గానీ, పడక ఉన్న ఏ పెద్ద దవాఖానకు గానీ తీసుకెళ్లండి. రోజూ ఎంత తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో డాక్టర్‌కు ముందే చెప్పండి, సిగ్గుపడి తగ్గించి చెప్పకండి.

---

ములుగు ఆటో | నవంబర్ 5, రాత్రి 9:40

అక్కా, సార్ చెప్పింది నా ఒంటి మీద జరిగింది. డెంగీ అని నేను రాసింది తప్పు, ఒప్పుకుంటున్నాను. రెండేళ్ల కింద సమ్మక్క జాతర అయ్యాక పంతానికి పోయి ఇంట్లోనే మానేశాను. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాను. నా పిల్లలు చూశారు. దవాఖానలోనే మాన్పించండి. మానసిక సాయానికి 14416 నంబరు ఉంది, ప్రభుత్వానిది, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు. నేను చాలాసార్లు చేశాను.

---

పరకాల బిడ్డ | నవంబర్ 9, రాత్రి 7:30

బాపును 6న పొద్దున చేర్చాం. దారిలో చేతులు వణికాయి, గ్లాసు పట్టుకోలేకపోయాడు. ముందు థయమిన్ సూది వేశారు, వణుకుకు వేరే గోలీలు ఇస్తున్నారు. ఫిట్స్ రాలేదు. రక్తం తీసిన తర్వాతే ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, బీ12 సూది మొదలుపెట్టారు. మెగ్నీషియం కూడా తక్కువని సెలైన్‌లో కలిపారు.

రిపోర్టులు: ఫోలేట్ 2.1. బీ12 310, మామూలులోనే ఉందన్నారు. ఫెర్రిటిన్ 640. కాలేయం అంకెల్లో ఒకటి 142, ఇంకొకటి 58. స్లైడ్‌లో ఆరు ముక్కల తెల్ల కణాలు కనబడ్డాయి. ఐరన్ ఆపాక మలం రంగు మారింది.

బీ12 మామూలుగా ఉంటే ఆ సూది ఎందుకు? రక్తం ఎక్కించమని మా బంధువులు ఒత్తిడి చేస్తున్నారు, దవాఖానలో వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

---

కాజీపేట రిటైర్డ్ డాక్టర్ | నవంబర్ 9, రాత్రి 8:15

దవాఖాన మాట వినండి. గుండె నొప్పి, పడుకున్నా ఆయాసం, రక్తస్రావం లేని మనిషికి హిమోగ్లోబిన్ 7 పైన ఉన్నప్పుడు, కారణం తెలిసి మందు మొదలైనప్పుడు ఎక్కించకపోవడమే మంచిది.

ఫోలేట్ 2.1 అంటే నిజంగా తక్కువ, 3 కింద ఉంటే లోపమనే చూస్తాం. బీ12 మీద నాకు పూర్తి నమ్మకం లేదు. దెబ్బతిన్న కాలేయం తనలో దాచుకున్న బీ12ను రక్తంలోకి వదిలేస్తుంది, కాగితం మీద అంకె బాగుంటుంది, కణాలకు అందేది తక్కువ ఉండొచ్చు. అరికాళ్ల మంట ఉంది కాబట్టి వాళ్లు సూది ఆపకపోవడం నాకు సరైనదనిపిస్తోంది. ఫెర్రిటిన్ 640 చూసి ఐరన్ విపరీతంగా ఉందనుకోకండి, కాలేయం వాపుకు కూడా పెరుగుతుంది. ఐరన్ కరువు లేదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

---

ల్యాబ్ సుజాత, హన్మకొండ | నవంబర్ 9, రాత్రి 9:00

చెల్లె, 13న గానీ 14న గానీ రెటిక్ కౌంట్ చేయించమని అడుగు. అప్పుడే పుట్టిన పిల్ల కణాల లెక్క అది. మందు సరైనదైతే వారానికి అది ఎగబాకుతుంది, హిమోగ్లోబిన్ అప్పటికి కదలకపోయినా నిరాశపడవద్దు. ఎంసీవీ ఇంకా ఆలస్యం. ఎర్ర కణం ఆయుష్షు 120 రోజులు, పాత పెద్ద కణాలు చచ్చిపోయేదాకా అది మూడు నాలుగు నెలలు మెల్లగా దిగుతుంది.

---

పరకాల బిడ్డ | నవంబర్ 28, రాత్రి 9:10

రాయడం ఆలస్యమైంది. 13న రెటిక్ 9 శాతం వచ్చింది. హిమోగ్లోబిన్ అప్పటికి 8.1. ప్లేట్‌లెట్లు మాత్రం 92 వేల నుంచి 4 లక్షల 20 వేలకు పోయాయి, మేము భయపడితే తాగుడు ఆపాక ఒకసారి అట్లా పొంగి దిగుతాయని చెప్పారు. 15న ఇంటికి పంపారు. నిన్న హిమోగ్లోబిన్ 9.8, ఎంసీవీ 109.

నాలుక మంట వారానికే సగం తగ్గింది. నున్నదనం మెల్లగా పోతోంది, అంచుల్లో గరుకు కనబడుతోంది. మొన్న పెసరపప్పు, తోటకూర వండితే కొంచెం కారం వేయమన్నాడు. అవ్వ ఏడ్చింది.

---

ఆరోగ్యమే ధనం | నవంబర్ 28, రాత్రి 9:35

చాలా సంతోషం చెల్లె. తోటకూర ఉడికించిన నీళ్లు పారబోయకు. ఆ విటమిన్ నీళ్లలోకి దిగిపోతుందనీ, ఎక్కువసేపు ఉడికితే పోతుందనీ మొన్న తెలుసుకున్నాను. పప్పులో వేసి వండితే నీళ్లు అందులోనే ఉంటాయి.

---

కాజీపేట రిటైర్డ్ డాక్టర్ | నవంబర్ 29, ఉదయం 6:30

ఈ అన్నవారి మాట ఈసారి పూర్తిగా సరైనది. ఫోలిక్ యాసిడ్ పేరే ఆకు నుంచి వచ్చింది, 1941లో పాలకూర నుంచి వేరు చేసినప్పుడు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందం మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది, 1945లో. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆ జబ్బులోనూ ఇదే నాలుక మంట, ఇదే పెద్ద కణాల రక్తహీనత. మీ బాపు రోజూ మింగే ఆ చిన్న పసుపు గోలీ చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

గోలీ నాలుగు నెలలు ఆపకండి. అంకెలు బాగయ్యాయని మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ.

---

పరకాల బిడ్డ | జనవరి 19, రాత్రి 10:20

సార్, అక్కా, నిజం చెప్పాలి. జనవరి మొదట్లో హిమోగ్లోబిన్ 12.1, ఎంసీవీ 101 వచ్చాయి. పనికి పోతున్నాడు. సంక్రాంతికి మా మేనత్త ఇంటికి వెళ్లి రెండు రోజులు తాగాడు. వచ్చి తనే చెప్పాడు. అప్పటి నుంచి ముట్టలేదంటున్నాడు. అరికాళ్ల మంట సగమే తగ్గింది, మిగతాది అట్లాగే ఉంది. ఆ రెండు రోజులతో అంతా మొదటికి వచ్చిందా? ఎంసీవీ చేయిస్తే తెలుస్తుందా?

---

కాజీపేట రిటైర్డ్ డాక్టర్ | జనవరి 20, ఉదయం 6:15

రెండు రోజులను ఎంసీవీ పట్టుకోలేదమ్మా. అది నెలల లెక్క చెప్పే అంకె. జీజీటీ అనే కాలేయం పరీక్ష వారాల లెక్క చెప్తుంది, కానీ పోలీసు పరీక్షలాగా ఆయన మీద వాడకండి. తనే వచ్చి చెప్పిన మనిషి అది చూస్తే ఈసారి దాచడం మొదలుపెడతాడు. కూడగట్టుకున్న ఫోలేట్ రెండు రోజులకు అయిపోదు, గోలీ నడవనివ్వండి.

అరికాళ్ల సంగతి నేను ఖచ్చితంగా చెప్పలేను. అది థయమిన్ తక్కువై వచ్చిందా, బీ12తోనా, మందు నరాలను నేరుగా దెబ్బతీసిందా అన్నది ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పవచ్చు. నరం చాలా మెల్లగా కోలుకుంటుంది, ఏడాది పట్టవచ్చు, పూర్తిగా రాకపోవచ్చు కూడా. పరంజా ఎక్కే పని మాత్రం ఇప్పుడే వద్దనండి, కాలు ఎక్కడ పడుతోందో అరికాలికి సరిగా తెలియాలి.

---

ములుగు ఆటో | జనవరి 20, ఉదయం 9:00

అక్కా, నేను మానిన మొదటి ఏడాదిలో మూడుసార్లు తాగాను. బాపు నంబరు ఇష్టమైతే నాకు పంపమను, నేను మాట్లాడతా. పండగలప్పుడు ఎవరింటికి పోవాలో, ఎవరింటికి పోకూడదో మేము ఇద్దరం కూర్చొని అనుకుంటాం.

---

పరకాల బిడ్డ | జనవరి 20, రాత్రి 8:40

అన్నా, అడిగాను. "మాట్లాడతా, కానీ నువ్వు పక్కన ఉండొద్దు" అన్నాడు. నంబరు మెసేజ్ పెట్టాను. రేపటి నుంచి పరంజా ఎక్కకుండా కింద మాలు కలిపే పని చూసుకుంటానని మేస్త్రీకి చెప్పాడట.